ఈ రాత్రికి ఎంత ఓపికుంది?

మార్చి 31 రాత్రి తొమ్మిదిన్నర అనుకోండి. ఒకే బ్యాంకు శాఖలో పనిచేసే ఇద్దరు ఏడాది లెక్కలు ముగించి అప్పుడే ఇళ్లకు చేరారు. స్నానాలు, భోజనాలు అయ్యాయి. ఇద్దరూ తమకు తెలిసిన ఒక సినిమా పిచ్చి స్నేహితురాలికి, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా, ఒకే వాక్యం పంపారు: ‘బాగా అలసిపోయానే, ఏదైనా లైట్ సినిమా చెప్పు.’ ఆవిడ ఇద్దరికీ శేఖర్ కమ్ముల ‘గోదావరి’ (2006) చూడమంది. చెడ్డ సలహా ఏమీ కాదు. రాజమండ్రి నుంచి భద్రాచలం దాకా పడవ ప్రయాణం, నీళ్లు, పాటలు, మెల్లగా దగ్గరయ్యే ఇద్దరు మనుషులు. ఒకామెకు అది వేడి పాలు తాగినట్టు సరిపోయింది, పాపికొండలు దాటకముందే హాయిగా నిద్రపట్టింది. రెండో ఆమె అరగంటకు ఆపేసి ఫోన్ పట్టుకుంది. పడవ సాగుతున్నంతసేపూ మధ్యాహ్నం మేనేజరు నలుగురి ముందు అన్న మాట ఆమె బుర్రలో తిరుగుతూనే ఉంది.

తప్పు సినిమాది కాదు, సలహా చెప్పినావిడదీ కాదు. అడిగిన వాక్యంలోనే ఉంది. సినిమా అడిగేటప్పుడు మనం సాధారణంగా రెండే చెబుతాం: ఏ రకం కావాలో (కామెడీ, థ్రిల్లర్, లవ్ స్టోరీ), లేదా పైపైన ఎలా ఉన్నామో (అలసట, బోర్, మూడ్ బాలేదు). ఈ రెండింటిలో ఏదీ ఆ రాత్రికి సరిపోయే సినిమాను పట్టివ్వదు. చెప్పాల్సింది ఓపిక సంగతి. ఈ మాటకు తెలుగులో రెండు అర్థాలుండటం మన అదృష్టం. ‘మెట్లెక్కే ఓపిక లేదు’ అంటే శక్తి లేదని. ‘కాస్త ఓపిక పట్టు’ అంటే సహనం చూపమని. సినిమా మననుంచి ఈ రెండూ అడుగుతుంది, కానీ ఒక్కో సినిమా ఒక్కో పాళ్లలో అడుగుతుంది. పదిమంది పాత్రలను, ముందుకీ వెనక్కీ దూకే కథను గుర్తుపెట్టుకోవడానికి మొదటి ఓపిక కావాలి. ఏమీ జరగనట్టుండే సన్నివేశంతో పాటు కూర్చోవడానికి రెండోది కావాలి. మార్చి 31 రాత్రి ఆ ఇద్దరిలోనూ మొదటి ఓపిక అడుగంటింది. రెండోది ఒకరి దగ్గర ఇంకా మిగిలుంది, మరొకరి దగ్గర అస్సలు లేదు. వాళ్లు పంపిన వాక్యంలో ఈ తేడా ఎక్కడా లేదు.

ముందు ‘లైట్’ అనే మాట సంగతి చూద్దాం, ఎక్కువ పాడు చేసేది అదే. మన వాడుకలో ఈ మాటకు కనీసం మూడు అర్థాలున్నాయి: నవ్వించేది, ఎవరికీ పెద్దగా కీడు జరగనిది, బుర్ర పెట్టకుండా చూడగలిగేది. ఈ మూడూ ఒకే సినిమాలో కలిసి ఉండాలని లేదు. జంధ్యాల ‘అహ నా పెళ్ళంట’ (1987)లో కోడిని వేలాడదీసి, దాన్ని చూస్తూ ఉత్త అన్నం తినే పిసినారి కోట శ్రీనివాసరావు వల్ల ఎవరికీ ప్రాణభయం లేదు. కానీ ఆ నవ్వులో సగం మాటల్లో ఉంది, చెవి పెట్టి వినకపోతే పోతుంది. రోజంతా కౌంటరులో పదిమందికి సమాధానాలు చెప్పి చెవులు గింగురుమంటున్నవాళ్లకు అది లైట్ కాదు. ‘బ్రోచేవారెవరురా’ (2019) నవ్విస్తుంది, కానీ కాలేజీ కుర్రాళ్ల కిడ్నాప్ కథ ఒకవైపు, ఒక దర్శకుడి కథ మరోవైపు నడిచి ఎక్కడో కలుస్తాయి. మధ్యలో పది నిమిషాలు కునుకు తీస్తే దారి తప్పుతాం. ‘ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ’ (2019) నెల్లూరు డిటెక్టివ్ వేషాలతో మొదలై రైలు పట్టాల పక్కన దొరికే శవాల దాకా పోతుంది. కామెడీ అని పెట్టుకున్నవాళ్లకు రాత్రి పదకొండింటికి గుండె బరువెక్కుతుంది. మూడూ మంచి సినిమాలే, మూడింటినీ లైట్ అనే జనం చెబుతారు. అందుకే ఆ మాట వాడినప్పుడు పక్కనే అర్థం కూడా చెప్పాలి: నవ్వు కావాలా, ఎవరూ చావకూడదా, మధ్యలో లేచి మంచినీళ్లు తాగొచ్చినా కథ అందాలా?

ఇక అలసట. మనోభావాల మీద పనిచేసిన అమెరికన్ మనస్తత్వవేత్త రాబర్ట్ థేయర్ 1989లో వెలువరించిన పుస్తకంలో ఒక ఉపయోగకరమైన విభజన చేశాడు. మనిషిలో శక్తి ఎంత ఉందన్నది ఒక కొలత, ఒంట్లో బిగువు ఎంత ఉందన్నది ఇంకో కొలత. ఈ రెండూ వేర్వేరుగా పెరుగుతాయి, తగ్గుతాయి అన్నాడు. కాబట్టి శక్తి లేని స్థితి కూడా రెండు రకాలు. పొలం పనో ప్రయాణమో అయ్యాక వచ్చే సడలిన బడలిక ఒకటి. శక్తి అడుగంటినా బిగువు మాత్రం తగ్గకుండా, పళ్లు కొరుకుతూ మంచమెక్కే అలసట ఇంకొకటి. తెలుగులో మొదటిదానికి బడలిక అనో నీరసం అనో అంటాం, రెండోదానికి చిరాకు. నోటితో మాత్రం రెండింటికీ ‘అలసిపోయా’ అనేస్తాం. సినిమా ఎంపికకు ఈ తేడా ఎంత ముఖ్యమో జెన్నింగ్స్ బ్రయంట్, డాల్ఫ్ జిల్‌మన్ 1984లో ప్రచురించిన ప్రయోగంలో కనబడుతుంది. కొందరికి విసుగు పుట్టించే పని అప్పజెప్పారు, మరికొందరిని ఒత్తిడి పెట్టే పరీక్షల్లో కూర్చోబెట్టారు. తర్వాత టీవీ ముందు వదిలేసి, ఎవరు ఏ కార్యక్రమం ఎంతసేపు చూస్తారో లెక్కపెట్టారు. విసుగెత్తినవాళ్లు దాదాపు అందరూ ఉత్సాహం రేపేవాటికే పోయారు, ప్రశాంతమైనవాటిని దగ్గరికి రానివ్వలేదు. ఒత్తిడిలో ఉన్నవాళ్లు మాత్రం రెండు రకాలనూ ఇంచుమించు సమానంగా చూశారు. అంటే ‘బోర్ కొడుతోంది’ అన్న మాట సలహాదారుకు చాలా చెబుతుంది. ‘ఒత్తిడిగా ఉంది’ అన్న మాట ఒక్కటే అయితే దాదాపు ఏమీ చెప్పదు. దానికి ఇంకో వివరం తోడవ్వాలి.

ఆ వివరం ఏమిటో కూడా జిల్‌మన్ దగ్గరే దొరుకుతుంది. మనోభావాలను జనం వినోదంతో ఎలా సర్దుకుంటారో చెబుతూ ఆయన వినోదానికున్న నాలుగు గుణాలను చూడమన్నాడు: ఎంత ఉద్రేకపరుస్తుంది, ఎంతగా లాక్కుపోతుంది, మన బాధకు కారణమైన విషయానికి ఎంత దగ్గర, సంతోషం కలిగిస్తుందా దుఃఖమా. మనం అడిగేటప్పుడు నాలుగోదాన్నే పట్టుకుంటాం, అప్పుడప్పుడు మొదటిదాన్ని. అసలు పని జరిగేది మధ్యలో రెండింటి దగ్గర. బుర్రలో ఏదో మాట గిర్రున తిరుగుతున్నవాళ్లకు ప్రశాంతమైన సినిమా పనికిరాదు, ఎందుకంటే దాని నిండా ఖాళీ ఉంటుంది, ఆ ఖాళీలోకి మేనేజరు వచ్చి కూర్చుంటాడు. వాళ్లకు కావాల్సింది లాక్కుపోయే కథ. అయితే తమ గాయాన్ని మళ్లీ తాకే కథ కాకూడదు. అలాగని అది చిక్కుముడిగా కూడా ఉండకూడదు, విప్పే శక్తి లేదు కాబట్టి. బిగువు ఎక్కువ, శక్తి తక్కువ ఉన్నవాళ్లకు ఒకే తీగ మీద వేగంగా పరుగెత్తే కథ సరిపోతుంది. బిగువూ శక్తీ రెండూ తగ్గినవాళ్లకు ఒకే తీగ మీద మెల్లగా నడిచే కథ చాలు. ‘గోదావరి’ ఒకరికి అమృతమై మరొకరికి చేదైంది ఇందుకే.

ఇప్పుడు ఆ రెండో ఆమె అలాంటి ఇంకో రాత్రి అదే సందేశాన్ని మళ్లీ రాసిందనుకుందాం. ‘పొద్దుట్నుంచీ కంప్యూటర్ ముందే, కళ్లు మండుతున్నాయి, సబ్‌టైటిల్స్ చదవలేను. నిద్ర రావట్లేదు. మధ్యాహ్నం మేనేజరుతో గొడవైంది, అదే బుర్రలో తిరుగుతోంది. దాన్ని ఆపేసేలా లాక్కుపోవాలి, కానీ ఎవరెవరో గుర్తుపెట్టుకోలేను. అవమానం, పగ మీద నడిచే కథ వద్దు. నవ్వించకపోయినా ఫర్వాలేదు. పదకొండుకల్లా ఆపేయాలి. మొన్న ఇలాంటప్పుడు గోదావరి పెడితే అది పడవలో పోతూనే ఉంది, నేను గొడవలోనే ఉన్నాను.’ ఏడెనిమిది చిన్న వాక్యాలు. రాయడానికి రెండు నిమిషాలు పడుతుంది. ఇందులో సినిమా రకం ఒక్కచోట కూడా లేదని గమనించండి. అయినా సినిమాలు తెలిసిన మనిషికి ఇది చాలు. రాంగోపాల్ వర్మ ‘క్షణ క్షణం’ (1991) లాంటిది వెంటనే తడుతుంది. డబ్బు ఎక్కడుందో తెలియని ఇద్దరు, వాళ్లకు తెలుసని నమ్మి తరిమే ముఠా, వెనక పోలీసులు, మధ్యలో అడవి. తీగ ఒక్కటే, ఆగదు. శ్రీదేవి, వెంకటేశ్‌ల గిల్లికజ్జాల వల్ల భయం కూడా మితంగానే ఉంటుంది. కథ బ్యాంకు దోపిడీతో మొదలవుతుంది కదా, బ్యాంకు ఉద్యోగికి చెప్పొచ్చా అని అనుమానం రావచ్చు. జిల్‌మన్ చెప్పిన దగ్గరితనం పని చోటుతో కాదు, గాయంతో. ఆమెను కుదిపింది అవమానం. ఎవరో వచ్చి బ్యాంకు దోచుకుపోతే ఆ రాత్రి ఆమెకు కాస్త సంతోషంగానే ఉండొచ్చు.

ఆ సందేశంలో కళ్ల సంగతి చిన్న విషయంలా కనబడుతుంది గానీ, ఓటీటీ వచ్చాక చాలా సలహాలు బెడిసికొట్టేది అక్కడే. మలయాళ సినిమాలు మన ఇళ్లలో మామూలైపోయాయి, చాలామంది అసలు గొంతులు పోకూడదని సబ్‌టైటిల్స్‌తోనే చూస్తారు. ‘మహేషింటె ప్రతీకారం’ (2016) చూడమని ఎవరైనా చెబితే అది మంచి సలహానే. దెబ్బలు తిన్న ఒక ఊరి ఫొటోగ్రాఫర్, పగ తీర్చుకునేదాకా చెప్పులు వేసుకోనని పట్టు పడతాడు. ఇదే కథను వెంకటేశ్ మహా అరకు కొండల్లో ‘ఉమామహేశ్వర ఉగ్రరూపస్య’ (2020)గా తీశాడు. కథ ఒకటే, రసం ఒకటే, వేగం కూడా దగ్గరదగ్గరే. అయినా రోజంతా తెర చూసి కళ్లు మండుతున్నవాళ్లకు ఆ రాత్రి రెండోదే సినిమా, మొదటిది చదువు. రోజంతా ఫోన్లో మాట్లాడి చెవులు అలసినవాళ్లకు లెక్క తిరగబడుతుంది: శబ్దం తగ్గించి కింద అక్షరాలు చదువుకోవడమే హాయి. కాబట్టి ‘అలసిపోయా’ అన్నచోట ఏది అలసిందో చెప్పాలి. ఒళ్లా, కళ్లా, చెవులా, మనుషులతో మాట్లాడి మాట్లాడి నోరా? ఒళ్లు అలసి బుర్ర చురుగ్గా ఉన్నవాళ్లయితే ఎంత చిక్కు కథనైనా చూడగలరు. పెళ్లి పనులు చేసొచ్చి అర్ధరాత్రి దాకా మిస్టరీ చూసేవాళ్లను అందరం ఎరుగుదుం.

ఇదంతా విని, ‘నా మూడ్ ఏమిటో నాకే తెలియదు, ఇంత వివరంగా ఎవరు చెబుతారు?’ అని ఎవరైనా అడగొచ్చు. న్యాయమైన అభ్యంతరమే. దీనికి భరతుడు ఎప్పుడో దారి చూపాడు. నాట్యశాస్త్రంలో వచ్చిపోయే భావాలు, అంటే సంచారి భావాలు, 33 ఉన్నాయి. వాటిలో ఓపిక లేకపోవడానికి సంబంధించినవే గ్లాని, శ్రమ, ఆలస్యం, జడత, నిద్ర అని విడివిడిగా ఉన్నాయి. (ఆలస్యం అంటే అక్కడ బద్ధకం, ఇప్పుడు మనం రైలుకూ బస్సుకూ వాడే అర్థం కాదు.) రసాలను వేళ్ల మీద లెక్కపెట్టే మనం ఈ 33ను మరచిపోయాం. సినిమా అడిగినప్పుడు హాస్యం కావాలి, వీరం కావాలి అని రసం పేరు చెబుతాం, సంచారిని చెప్పం. ఇంకో ముఖ్యమైన విషయం, భరతుడు ఏ భావాన్నీ పేరుతో వదిలేయడు. అది దేనివల్ల పుడుతుంది, పైకి ఎలా కనబడుతుంది అని రెండూ చెబుతాడు. శ్రమ నడక వల్లో వ్యాయామం వల్లో వస్తుంది, మనిషి ఒళ్లు పిసుక్కుంటాడు. నటుడికి ఈ రెండూ తెలిస్తే చాలు, భావం ప్రేక్షకుడికి అందుతుంది. మనకూ అంతే. భావానికి పేరు తెలియకపోతే కారణమూ లక్షణమూ చెప్పండి. ‘ఆరు గంటలు బస్సులో వచ్చాను, మెడ పట్టేసింది.’ ‘మూడుసార్లు ఫ్రిజ్ తెరిచి మూసేశాను, ఆకలి లేదు.’ మొదటి మనిషికి నీరసం, రెండో మనిషికి విసుగు అని ఎవరైనా గుర్తుపడతారు. విసుగును అలసటగా పొరబడటం మరీ ఎక్కువ. ఒక పరీక్ష ఉంది: ఇప్పుడే స్నేహితులు ఫోన్ చేసి టీకి రమ్మంటే చెప్పులు వేసుకుని బయల్దేరతారా? బయల్దేరేట్టయితే అది అలసట కాదు. ఎన్నాళ్లుగానో పక్కన పెట్టిన బరువైన సినిమా పెట్టుకోవడానికి అదే మంచి రాత్రి.

రెండో అభ్యంతరం సినిమా ప్రేమికులది. మంచి సినిమా ఏ మూడ్‌లోనైనా పట్టుకుంటుంది, ఈ లెక్కలన్నీ ఎందుకంటారు. థియేటర్ విషయంలో ఇది చాలావరకు నిజం. టికెట్ ముందే కొన్నాం, దీపాలు ఆరిపోయాయి, పక్కన మూడు వందల మంది ఉన్నారు. సినిమా తన మూడ్‌ను మనమీద రుద్దగలదు. ఇంట్లో దీపాలు ఆరవు, చేతిలో రిమోట్ ఉంటుంది. పైగా సినిమా మంచిదా అన్నదీ, ఈ రాత్రికి మంచిదా అన్నదీ వేర్వేరు ప్రశ్నలని పరిశోధనలు కూడా చూపించాయి. డేనియల్ రీడ్, జార్జ్ లోవెన్‌స్టీన్, శోభన కళ్యాణరామన్ 1999లో ప్రచురించిన అధ్యయనంలో జనాన్ని మూడు రోజులకు మూడు సినిమాలు ఎంచుకోమన్నారు. ఆ రాత్రికైతే సరదా సినిమాలు తీసుకున్నవాళ్లు ఎక్కువ. తర్వాతి రోజులకైతే ‘షిండ్లర్స్ లిస్ట్’ లాంటి గంభీరమైనవి తీసుకున్నారు. ఆస్ట్రేలియాలో డీవీడీలు అద్దెకిచ్చే ఒక సంస్థ లెక్కలను కేథరిన్ మిల్క్‌మన్ బృందం 2009లో పరిశీలిస్తే, ‘చూడాలి’ అనుకుని తెప్పించుకున్న సినిమాలు ‘చూడాలనిపించే’ సినిమాల కంటే ఎక్కువ రోజులు ఇళ్లలో పడి ఉన్నాయని తేలింది. మన వాచ్‌లిస్టు కూడా ఆదివారం మధ్యాహ్నం కడుపునిండా తిని తీరిగ్గా కూర్చున్న మనిషి రాసుకున్నదే. మార్చి 31 రాత్రి దాన్ని తెరిచే మనిషి వేరు. స్నేహితులను ‘మంచి సినిమా చెప్పు’ అంటే వాళ్లు కూడా ఆ ఆదివారం మధ్యాహ్నం మనిషికే జవాబిస్తారు. అది తమ అభిరుచిని చూపించుకునే అవకాశం కూడా కదా!

దుఃఖం సంగతి కొంచెం జాగ్రత్తగా చూడాలి. బాధలో ఉన్నవాళ్లకు నవ్వించేదే మందు అన్నది పైకి జిల్‌మన్ లెక్కకు సరిపోయేదిలా ఉన్నా, అన్నిసార్లూ నిజం కాదు. మేరీ బెత్ ఆలివర్ 2008లో ప్రచురించిన పనిలో, మనసు మెత్తబడి, ఆర్ద్రంగా ఉన్నవాళ్లు విషాద కథలనే ఎక్కువ ఇష్టపడ్డారని గమనించింది. మన భాషలోనే ఈ తేడాలకు మాటలున్నాయి. దిగులుకు కారణం స్పష్టంగా ఉండాలని లేదు. గుబులు రేపటి గురించి. బెంగ దూరమైన మనిషి గురించో ఊరి గురించో. డాలస్‌లో చదువుకుంటున్న గుంటూరు పిల్లకు ఇంటి మీద బెంగగా ఉంటే, బొంబాయి చట్నీ చుట్టూ తిరిగే ‘మిడిల్ క్లాస్ మెలొడీస్’ (2020) ఊరటనూ ఇవ్వొచ్చు, బెంగను రెట్టింపూ చేయొచ్చు. ఆ రాత్రి బెంగను తీర్చుకోవాలనుందా, మరిచిపోవాలనుందా అన్నది ఆమె చెబితే తప్ప ఎవరికీ తెలియదు. ‘బలగం’ (2023) ఇంకా పదునైన ఉదాహరణ. పెద్దాయన పోయాక పెట్టిన పిండాన్ని కాకి ముట్టకపోవడం, దాని చుట్టూ విడిపోయిన కుటుంబం. ఊరికే గొంతు పూడుకుపోయి ఏడుపొస్తే బాగుండుననిపించే రాత్రి అంతకంటే మంచి సినిమా దొరకదు. పోయిన నెలలో ఇంట్లో చావు జరిగినవాళ్లకు, అదీ ఆస్తి మాటలు కూడా వచ్చినవాళ్లకు, అడగకుండా చెప్పకూడని సినిమా అదే. కాబట్టి బాధ అని చెప్పినప్పుడు రెండు ముక్కలు కలపాలి: సినిమా అయ్యేసరికి ఇదే మనసుతో ఉండాలా, బయటపడాలా అన్నది ఒకటి, ఏ సంగతి అస్సలు రాకూడదన్నది ఇంకొకటి. కారణం మొత్తం విప్పి చెప్పక్కర్లేదు. ‘తండ్రి పోయే కథ వద్దు’ అంటే చాలు.

టైము గురించి ఒక్క మాట. రాత్రి తొమ్మిదిన్నరకు మొదలుపెట్టిన రెండున్నర గంటల తెలుగు సినిమా పన్నెండుకు ముగుస్తుంది. ‘సినిమా బండి’ (2021) లాంటి చిన్నవి తక్కువ. అందుకే చాలామంది విశ్రాంతి దగ్గర ఆపి మిగతాది రేపు చూస్తారు. మన సినిమాలకు ఆ అతుకు ముందే ఉంది కాబట్టి కుదురుతుంది కూడా. కానీ ఆ అతుకు దగ్గర దర్శకుడు కావాలనే ముడి బిగిస్తాడు, జనం పాప్‌కార్న్ కొనుక్కుని తిరిగి రావాలని. అక్కడ ఆపి పడుకుంటే ఆ ముడి మంచంలోకి వస్తుంది. ‘క్షణ క్షణం’ చూసే ఆమె పదకొండుకు ఆపాలంటే విశ్రాంతి దగ్గర కాకుండా, దాని తర్వాత వేగం తగ్గిన చోట, ఒక పాట చూసుకుని ఆపడం మేలు. ఇంట్లో నలుగురు కలిసి చూసేటప్పుడు లెక్క ఇంకా సులువు: అందరిలో ఓపిక తక్కువున్నవాళ్లు సందేశం రాయాలి. ఎక్కువున్నవాళ్లు తేలిక సినిమాను భరించగలరు, తక్కువున్నవాళ్లు బరువైనదాన్ని భరించలేరు.

ఇంత చెప్పినా ఒక్కోసారి సినిమా కుదరదు. ఎందుకు కుదరలేదో మొదటి ఇరవై నిమిషాల్లో మన చేతులే చెబుతాయి. మాట అందక వెనక్కి జరుపుకుంటుంటే ఆ సినిమా మన శక్తికి మించింది. ఇంకా ఎంతసేపుందోనని కింది గీతను చూస్తుంటే మన సహనానికి మించింది. ఆపి లేచి వంటింట్లోకి పోతుంటే అందులోని బిగువు మనం మోయగలిగినదానికంటే ఎక్కువ. చూస్తూనే వేరే ఆలోచనలో పడిపోతే ఆ బిగువు తక్కువైంది. ఈ నాలుగింటికీ మందు ఒకటి కాదు. మొదటి సందర్భంలో అదే దర్శకుడి సులువైన సినిమాకో, ఇదివరకే చూసినదానికో మారాలి. నాలుగో సందర్భంలో వేగం పెంచాలి. పొద్దున సలహా ఇచ్చినావిడకు ‘బాలేదే’ అని పంపితే ఆవిడకు తెలిసేదేమీ ఉండదు, పైగా మనసు కష్టపెట్టుకుంటుంది. ‘సినిమా బాగుంది, కానీ ఇరవై నిమిషాల్లో నాలుగుసార్లు వెనక్కి జరుపుకున్నాను’ అని పంపితే, ఈసారి మార్చి 31కి ఏ సినిమా చెప్పాలో ఆవిడకు ఇప్పుడే సగం తెలిసిపోతుంది.